రెసిపీ మార్చి చెప్పమని అడిగే ముందు ఏమేం చెప్పాలి, లెక్క ఎలా వేయాలి

"మీరు చెప్పిన కేక్‌ని ఎక్కువ మందికి చేయాలి, కొలతలు మార్చి చెప్తారా?" "అదే రెసిపీ పాలు లేకుండా కుదురుతుందా?" "కొంచెం హెల్దీగా మార్చండి." ఇలాంటి ప్రశ్నలు నాకు తరచూ వస్తుంటాయి. చాలావాటిలో అసలు రెసిపీ ఉండదు. ఎంతమందికి చేయాలో ఉండదు. తినేవాళ్లలో ఎవరికి ఏది పడదో అసలే ఉండదు. అప్పుడు చెప్పేవాళ్లకు రెండే దారులు. ఊహించి ఏదో ఒకటి చెప్పడం, లేదా తిరిగి ప్రశ్నలు వేయడం. ఊహించి చెప్తే మీ వంట పాడవుతుంది, ప్రశ్నలు వేస్తూ కూర్చుంటే మీకు ఆలస్యమవుతుంది.

"గుడ్డు బదులు ఏం వేయొచ్చు?" అన్న చిన్న ప్రశ్ననే చూడండి. ఒకే గుడ్డు పడే పిండి వంటకమైతే ఒక టేబుల్‌స్పూన్ అవిసె గింజల పొడిని మూడు టేబుల్‌స్పూన్ల నీళ్లలో నానబెట్టి వేస్తే చాలావరకు కుదురుతుంది. అదే ఆరు గుడ్లు గిలకొట్టి, ఆ నురగ మీదే పొంగే స్పాంజ్ కేక్ అయితే ఆ పొడి ఎంత వేసినా లాభం లేదు. ఆ కేక్‌ని నిలబెట్టేదే గుడ్డు. కాబట్టి అక్కడ సరైన జవాబు "గుడ్డు లేకుండానే రాసిన వేరే రెసిపీ తీసుకోండి" అని. ప్రశ్న ఒకటే అయినా జవాబులు రెండు. ఏది మీదో రెసిపీ చూస్తేగానీ తెలియదు.

అందుకే అడిగే ముందు ఏం సిద్ధం చేసుకోవాలో, అవి చేతిలో ఉంటే లెక్క మీరే ఎలా వేసుకోవచ్చో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఉదాహరణకు ఒక మామూలు వెన్న కేక్‌ని తీసుకుని చివరిదాకా చేసి చూపిస్తాను.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- అసలు రెసిపీ, మొదటి అక్షరం నుంచి చివరి వరకు
- అది ఎంతమందికి రాసింది, మీకు ఎంతమందికి కావాలి
- తినేవాళ్లలో ఎవరికి ఏది పడదు, తింటే ఏమవుతుంది
- మీ దగ్గరున్న గిన్నె లేదా కేక్ టిన్ను కొలతలు, ఓవెన్ లోపలి వెడల్పు
- ఒక టేపు, గ్రాముల్లో చూపించే కిచెన్ స్కేలు

స్కేలు లేకపోయినా పని నడుస్తుంది. కానీ కేకులు, బ్రెడ్లు లాంటివి మార్చాలంటే మాత్రం ఉండాలనే అంటాను. ఎందుకో మొదటి మెట్టులోనే తెలుస్తుంది.

1. రెసిపీ మొత్తం రాయండి

చాలామంది కావలసిన పదార్థాల వరకు ఫొటో తీసి పంపిస్తారు. తయారుచేసే పద్ధతి కింద ఉండిపోతుంది. మార్పుకు ఆ పద్ధతే ముఖ్యం. వెన్న, పంచదార కలిపి తెల్లగా అయ్యేదాకా గిలకొట్టమన్నారా, లేక వెన్న కరిగించి పోయమన్నారా అన్నదాన్ని బట్టి వెన్నకు బదులు ఏది పనికొస్తుందో మారిపోతుంది.

రాసేటప్పుడు ఈ వివరాలు తప్పకుండా చూసుకోండి. కొలత గ్రాముల్లో ఉందా, కప్పుల్లో ఉందా? టిన్ను గుండ్రమా, పలకలా ఉందా, సైజు ఎంత? ఓవెన్ ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు? పొయ్యి మీద వంటైతే మూత పెట్టి ఉడికించాలా, తీసి ఉడికించాలా?

కప్పుల దగ్గర చాలా పొరపాట్లు జరుగుతాయి. కొన్ని దేశాల రెసిపీల్లో కప్పంటే 250 మిల్లీలీటర్లు, అమెరికా రెసిపీల్లో సుమారు 240. ఈ తేడా చిన్నదే. అసలు తేడా మైదా నింపే పద్ధతిలో వస్తుంది. స్పూనుతో వదులుగా నింపితే కప్పు మైదా దాదాపు 120 గ్రాములు తూగుతుంది. కప్పును డబ్బాలో ముంచి గట్టిగా తీస్తే 150 దాకా పోతుంది. ఒక కప్పుకు 30 గ్రాముల తేడా చిన్నదిగా అనిపించినా, మైదా నాలుగో వంతు ఎక్కువ పడినట్టే. రెండున్నర రెట్లు పెంచితే అదే 75 గ్రాములవుతుంది, కేక్ పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి కప్పుల రెసిపీని పెంచే ముందు, మామూలు కొలతకు ఒకసారి చేస్తూ ప్రతి కప్పునూ తూచి గ్రాములు రాసుకోండి. ఆ తర్వాత గ్రాములనే పెంచండి.

స్పూన్ల విషయంలో టీస్పూన్ 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూన్ 15 అని లెక్క. ఆస్ట్రేలియా రెసిపీల్లో మాత్రం టేబుల్‌స్పూన్ 20 మిల్లీలీటర్లు. రెసిపీ ఎక్కడిదో తెలిస్తే అదీ రాయండి.

*రెసిపీ కాగితం పోతే?* పేరు ఒక్కటే చెప్పి "అది మార్చండి" అనకండి. ఒకే పేరుతో రకరకాల వంటకాలుంటాయి. గుర్తున్నంత వరకు పదార్థాల పేర్లు, ఏది ఎక్కువ ఏది తక్కువ, ఏ టిన్నులో చేశారు, ముక్క కోస్తే లోపల ఎలా ఉండేది, ఇవన్నీ రాయండి. దానికి దగ్గరగా ఉన్న రెసిపీని ఒకటి వెతికి, దాన్ని ఆధారంగా పెట్టుకోండి. అడిగేటప్పుడు "ఇది అసలుది కాదు, దగ్గరగా ఉందని తీసుకున్నాను" అని చెప్పండి. ఆ ఆధారం రెసిపీని ఏ మార్పూ లేకుండా ఒకసారి చేసి, మీరు అనుకున్న రుచే వస్తోందో లేదో చూసుకున్నాకే మార్పుల జోలికి వెళ్లండి. లేకపోతే రుచి తేడా వచ్చినప్పుడు అది రెసిపీ వల్ల వచ్చిందో, మార్పు వల్ల వచ్చిందో తెలియదు.

2. ఎంతమందికో అంకెల్లో చెప్పండి

"ఫ్యామిలీకి", "చిన్న ఫంక్షన్‌కి" అంటే ఎవరి లెక్క వారిది. రెండు అంకెలు కావాలి: రెసిపీ ఎంతమందికి రాసింది, మీకు ఎంతమందికి కావాలి. కావలసిన సంఖ్యను ఉన్న సంఖ్యతో భాగిస్తే ఎన్ని రెట్లు పెంచాలో వస్తుంది. 8 మందికి రాసిన దాన్ని 20 మందికి చేయాలంటే 20ని 8తో భాగించాలి. అంటే 2.5 రెట్లు.

కానీ రెసిపీలో రాసిన "8 మందికి" అన్న మాటను గుడ్డిగా నమ్మొద్దు. రాసినవారి ముక్క సైజు వేరు, మీ ఇంట్లో తినే ముక్క సైజు వేరు కావచ్చు. మొత్తం వంటకం బరువును మనుషుల సంఖ్యతో భాగించి చూడండి. కేక్ అయితే పిండి మిశ్రమం బరువులో కాల్చేటప్పుడు దాదాపు పదో వంతు ఆవిరైపోతుందని అనుకుంటే ఉజ్జాయింపుగా సరిపోతుంది. మనిషికి వచ్చే బరువు చూశాక, అది చివర్లో చిన్నగా తినే ముక్కా, లేక ఆకలికి తినే ముక్కా అనేది మీరే తేల్చుకోవచ్చు. వేరే తినుబండారాలు కూడా ఉంటే ఆ మాట చెప్పండి, లెక్క తగ్గుతుంది.

తినేవాళ్లలో చిన్నపిల్లలు ఎంతమందో కూడా విడిగా రాయండి. ఇరవై మందిలో పన్నెండు మంది చిన్నపిల్లలైతే 2.5 రెట్లు అవసరమే ఉండదు.

3. ఎవరికి ఏది పడదో, ఎంత గట్టిగా పడదో చెప్పండి

మూడింట్లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. కొలత తప్పితే కేక్ పాడవుతుంది. ఇక్కడ తప్పితే మనిషి ఆసుపత్రికి వెళ్లాల్సి రావచ్చు.

"పాలు లేకుండా" అన్న ఒక్క మాటకు కనీసం మూడు అర్థాలున్నాయి. ఒకరికి పాల రుచి నచ్చదు. ఇంకొకరికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగదు, తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు అవుతాయి. మరొకరికి పాలలోని ప్రొటీన్ అంటేనే ఎలర్జీ, కొంచెం తగిలినా ఒళ్లంతా దద్దుర్లు, వాపు, ఊపిరి ఆడకపోవడం వరకు వెళ్లవచ్చు. లాక్టోజ్ తీసేసిన పాలు రెండో మనిషికి పనికొస్తాయి. మూడో మనిషికి అవి మామూలు పాలంత ప్రమాదమే, ఎందుకంటే వాటిలో చక్కెరే పోయింది, ప్రొటీన్ అలాగే ఉంది. వెన్నలో, నెయ్యిలో కూడా కొద్దో గొప్పో పాల ప్రొటీన్ మిగిలి ఉంటుంది. "పాలు పోయలేదు, నెయ్యే వేశాం" అనడం ఎలర్జీ ఉన్నవాళ్ల విషయంలో కుదరదు.

గోధుమ సంగతీ ఇంతే. గోధుమ ఎలర్జీ ఉన్నవారికి గోధుమ మానితే సరిపోతుంది. సీలియాక్ అనే పేగుల జబ్బు ఉన్నవారు గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉన్నవన్నీ మానాలి, అంటే బార్లీ, రై అనే ధాన్యాలు కూడా. ప్యాకెట్ మీద "గోధుమ లేదు" అని రాసి ఉన్నంత మాత్రాన గ్లూటెన్ లేదని కాదు.

"హెల్దీగా" అన్న మాట కూడా ఒక పరిమితి చెప్పదు. పంచదార తగ్గించాలా, ఉప్పు తగ్గించాలా, కొవ్వు తగ్గించాలా? డాక్టర్ ఏమన్నారు? పంచదార తీసేసి బెల్లమో తేనో వేస్తే షుగర్ ఉన్నవారికి పెద్ద తేడా రాదు, అవీ చక్కెరలే. ఏడాది నిండని పిల్లలకు తేనె అసలు పెట్టకూడదు. ఉప్పుకు బదులు అమ్మే తక్కువ సోడియం ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. కాబట్టి కారణం చెప్పడానికి మొహమాటపడొద్దు. జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే "డాక్టర్ వద్దన్నవి ఇవి" అని జాబితా ఇచ్చినా చాలు.

ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోతే "ఎవరికీ ఏ ఎలర్జీ లేదు, అడిగి కనుక్కున్నాను" అని ఆ మాటే రాయండి. ఏమీ రాయకపోతే లేవని అర్థమా, మర్చిపోయారని అర్థమా అన్నది అవతలివాళ్లకు తెలియదు.

హెచ్చరిక: ఎలర్జీ ఉన్నవారికి "కొంచెం తినిపించి చూద్దాం" అనే పరీక్ష ఇంట్లో ఎప్పుడూ చేయకండి. అలాంటి పరీక్షలు డాక్టర్ దగ్గర జరగాల్సినవి.

4. ఇప్పుడు అడగండి

పైవన్నీ చేతిలో ఉంటే అడగడానికి ఆరు వాక్యాలు చాలు. ఇలా:

"వెన్న కేక్ రెసిపీ మొత్తం కింద ఇచ్చాను. 20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్నుకు, 8 మందికి రాసింది. నాకు 20 మందికి కావాలి, అందరూ పెద్దవాళ్లే. ఒకరికి పాల ప్రొటీన్ ఎలర్జీ ఉంది, మిగతావాళ్లకు ఏమీ లేదని అడిగి తెలుసుకున్నాను. నా దగ్గర 23కి 33 సెంటీమీటర్ల పలక టిన్ను ఉంది, ఓవెన్‌లో పడుతుంది. గుడ్లు వాడొచ్చు."

ఇది చదివినవాళ్లకు తిరిగి అడగడానికి దాదాపు ఏమీ మిగలదు. నిజానికి ఇంత రాసుకున్నాక చాలామందికి అడగాల్సిన అవసరం కూడా ఉండదు, లెక్క వాళ్లకే తేలిపోతుంది. ఈ కేక్‌నే తీసుకుని చూద్దాం.

5. ముందు సంఖ్య మార్చండి

అసలు రెసిపీ ఇది: వెన్న 150 గ్రాములు, పంచదార 150 గ్రాములు, గుడ్లు 3, మైదా 150 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, పాలు 2 టేబుల్‌స్పూన్లు. వెన్న, పంచదార గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటిగా కలిపి, మైదా, పాలు చేర్చి, 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నుంచి 35 నిమిషాలు కాల్చాలి.

ముందు ముక్క సైజు చూడండి. పెంకు తీసిన పెద్ద గుడ్డు 50 గ్రాములు తూగుతుంది కాబట్టి మూడు గుడ్లు 150. మొత్తం మిశ్రమం దాదాపు 630 గ్రాములు. కాలాక 570 అనుకుంటే మనిషికి 70 గ్రాముల ముక్క వస్తుంది. ఒక కప్పు టీతో తినడానికి బాగానే సరిపోతుంది, కాబట్టి 8 మంది అన్న మాటను నమ్మొచ్చు.

అన్నిటినీ 2.5తో హెచ్చిస్తే వెన్న 375, పంచదార 375, మైదా 375 గ్రాములు, గుడ్లు ఏడున్నర, బేకింగ్ పౌడర్ మూడు ముప్పావు టీస్పూన్లు, పాలు 5 టేబుల్‌స్పూన్లు. అర గుడ్డు దగ్గర కంగారుపడక్కర్లేదు. ఎనిమిదో గుడ్డును పగలగొట్టి, పచ్చసొన తెల్లసొన కలిసేలా బాగా కలిపి, అందులోంచి 25 గ్రాములు తూచి వేయండి. స్కేలు లేకపోతే కలిపిన గుడ్డులో సగం, అంటే ఒకటిన్నర టేబుల్‌స్పూన్లకు కొంచెం ఎక్కువ.

తర్వాత టిన్ను. చాలామంది పదార్థాలు పెంచి టిన్నును మర్చిపోతారు. 20 సెంటీమీటర్ల గుండ్రటి టిన్నుకు సగం అడ్డుకొలత 10. పదిని పదితో, ఆపైన 3.14తో హెచ్చిస్తే అడుగు వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. పలక టిన్నుకు 23ని 33తో హెచ్చిస్తే 759. రెండింటినీ భాగిస్తే 2.4 రెట్లు. మిశ్రమం 2.5 రెట్లు, టిన్ను 2.4 రెట్లు. అంటే కేక్ ఎత్తు దాదాపు పాతదే ఉంటుంది, ఇది మనకు చాలా అనుకూలం. మిశ్రమం టిన్నులో మూడింట రెండు వంతులు దాటకుండా చూసుకోండి, లేకపోతే పొంగి కిందపడుతుంది.

ఓవెన్‌లో పెట్టే సమయాన్ని మాత్రం 2.5తో హెచ్చించకండి. నేను చూసే తప్పుల్లో ఎక్కువసార్లు కనిపించేది ఇదే. వేడి పైనుంచి, కిందనుంచి లోపలికి వెళ్లాలి, ఆ దూరం కేక్ ఎత్తును బట్టి ఉంటుంది, మనుషుల సంఖ్యను బట్టి కాదు. ఎత్తు మారలేదు కాబట్టి సమయం పెద్దగా మారదు. టిన్ను పెద్దది కావడం వల్ల మధ్యభాగం కాస్త ఆలస్యంగా ఉడకవచ్చు, అందుకని 30 నిమిషాలకు మొదటిసారి చూసి, 40 దాకా పట్టవచ్చని అనుకోండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే డిగ్రీలు 20 తగ్గించి 160 పెట్టండి. రెసిపీ రాసిందే ఫ్యాన్ ఓవెన్ కోసమైతే తగ్గించొద్దు.

టిన్ను లోతుగా ఉండి కేక్ ఎత్తు పెరిగిపోతుంటే మాత్రం డిగ్రీలు 10 నుంచి 20 తగ్గించి ఎక్కువసేపు కాల్చాలి. లేకపోతే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. పెద్ద టిన్ను లేనివాళ్లు ఒకే ఎత్తులో రెండు మూడు చిన్న టిన్నుల్లో పోసుకోవడం మేలు.

6. తర్వాత పరిమితి మార్చండి

ఇందులో పాల పదార్థాలు రెండు: వెన్న, పాలు. పాలు తీసేయడం సులభం, 5 టేబుల్‌స్పూన్ల నీళ్లు పోస్తే చాలు. సోయా, బాదం లాంటి వాటి పాలు కూడా పనికొస్తాయి, కాకపోతే వాటికీ ఎలర్జీలుంటాయి కాబట్టి అడగకుండా పోయకండి.

వెన్న దగ్గర కొంచెం ఆగాలి. మామూలు వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, 16 శాతం నీళ్లు, మిగిలినవి పాల ఘనపదార్థాలు. నూనె మొత్తం కొవ్వే. కాబట్టి 375 గ్రాముల వెన్నకు 375 గ్రాముల నూనె పోస్తే కేక్ జిడ్డుగా, బరువుగా తయారవుతుంది. 375లో 80 శాతం, అంటే 300 గ్రాముల నూనె, తగ్గిన నీళ్లకు బదులు 60 మిల్లీలీటర్ల నీళ్లు పోయాలి. వాసన లేని నూనె వాడండి.

పద్ధతి కూడా మారాలి. వెన్నను పంచదారతో గిలకొట్టినప్పుడు అందులో గాలి బుడగలు చేరతాయి, కేక్ మెత్తగా పొంగడంలో వాటి పాత్ర ఉంది. నూనె గాలిని అలా పట్టుకోదు. అందువల్ల పంచదారను గుడ్లతో కలిపి, లేత రంగుకు వచ్చి చిక్కబడేదాకా బీటర్‌తో గిలకొట్టండి. బీటర్ ఎత్తితే జారే ధార ఒకటి రెండు క్షణాలు పైన గీతలా నిలవాలి. ఆ తర్వాత నూనెను సన్నటి ధారగా పోస్తూ కలిపి, నీళ్లు పోసి, చివరిగా మైదా, బేకింగ్ పౌడర్ జల్లించి, పిండి కనిపించకుండా పోయేవరకే కలిపి ఆపేయండి. మైదా పడ్డాక ఎక్కువసేపు తిప్పితే కేక్ రబ్బరులా సాగుతుంది.

ఫలితం వెన్న కేక్ అచ్చులా ఉండదు, ముందే చెప్పడం మంచిది. వెన్న వాసన ఉండదు, ముక్క ఇంకాస్త తేమగా, దగ్గరగా ఉంటుంది. వెన్న కేక్ పద్ధతే కావాలనుకుంటే గట్టిగా ఉండే, పాలు లేని వనస్పతి లాంటి కొవ్వు వాడొచ్చు. కానీ వెన్నకు బదులు అమ్మే మార్జరీన్ డబ్బాల్లో చాలావాటిలో పాల పొడి ఉంటుంది, లేబుల్ మీద ఉన్న పదార్థాలన్నీ చదివాకే కొనండి. టిన్నుకు వెన్న రాసే అలవాటున్నవాళ్లు ఆ రోజు నూనె రాయాలి. గిన్నెలు, బీటర్, గరిటెలు ముందే సబ్బుతో కడిగి పెట్టుకోండి. ఎలర్జీ ఉన్న మనిషికి ఒక్కరికే విడిగా చేసి మిగతావాళ్లకు వెన్నతో చేద్దామనుకుంటే, ముందు వారిది చేసి మూత పెట్టి పక్కన పెట్టాకే వెన్న బయటికి తీయండి.

7. ముందుగా చిన్న కొలతతో చూడండి

సంఖ్య, పదార్థం రెండూ ఒకేసారి మార్చి నేరుగా 20 మంది ముందు పెట్టకండి. పాత 20 సెంటీమీటర్ల టిన్నులోనే, 8 మంది కొలతతో, పాలు లేని పద్ధతిలో ఒకసారి చేయండి: నూనె 120 గ్రాములు, వెన్నలోని నీళ్లకు బదులు 24 మిల్లీలీటర్లు, పాలకు బదులు 2 టేబుల్‌స్పూన్ల నీళ్లు, మిగతావి అసలు కొలతలే. టిన్ను, వేడి, సమయం అన్నీ పాతవే కాబట్టి తేడా వస్తే అది నూనె మార్పు వల్లే అని తెలిసిపోతుంది. అది కుదిరాక పెద్ద టిన్నుకు వెళ్లండి.

ఉడికిందో లేదో మధ్యలో సన్నటి పుల్ల గుచ్చి చూడండి. తడి పిండి అంటకుండా, ఒకటి రెండు పొడి రేణువులతో బయటికి రావాలి. పెద్ద టిన్ను అయితే మధ్యలోనూ, మధ్యకూ మూలకూ నడుమ ఒకచోటా, రెండు చోట్ల గుచ్చాలి. వంటింటి థర్మామీటర్ ఉంటే మధ్యలో 95 డిగ్రీలు దాటితే అయినట్టే. వేలితో మెల్లగా నొక్కితే గుంట పడకుండా పైకి రావాలి, అంచులు టిన్నును వదులుతుండాలి.

తప్పు జరిగితే ఏది తప్పిందో కేకే చెప్తుంది. మధ్యలో గుంట పడితే సరిగా ఉడకలేదు, లేదా బేకింగ్ పౌడర్ ఎక్కువైంది. అడుగున తడి పొరలా కనిపిస్తే నూనె గుడ్డులో సరిగా కలవలేదు, లేదా నీళ్లు ఎక్కువయ్యాయి. పైన పగిలి కొండలా లేస్తే వేడి ఎక్కువైంది. పొడిగా రాలిపోతుంటే మైదా ఎక్కువ పడింది, లేదా ఎక్కువసేపు కాలింది.

చల్లారాక ముక్కలు కోసి లెక్క చూసుకోండి. 23 వైపు నాలుగు, 33 వైపు ఐదు కోస్తే సరిగ్గా 20 ముక్కలు, ఒక్కోటి ఆరు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ వస్తుంది. ఒక ముక్క తూచి 70 గ్రాములకు దగ్గరగా ఉంటే లెక్క కుదిరినట్టే.

పొయ్యి మీద వంటలైతే

సూప్ లాంటివి కేక్ కన్నా సులువు, మధ్యలో రుచి చూసి సరిదిద్దుకోవచ్చు. కానీ అక్కడా అన్నీ ఒకే రెట్టులో పెంచకూడదు. పెద్ద గిన్నెలో నీళ్లు ఎక్కువున్నా పైనుంచి ఆవిరి పోయే చోటు అదే రెట్టులో పెరగదు, కాబట్టి నీళ్లు అనుకున్నంత ఇంకవు. 2.5 రెట్లు చేయాలంటే మొదట నీళ్లు రెండు రెట్ల వరకే పోసి, చిక్కదనం చూసుకుంటూ మిగతావి కలపండి. ఉప్పు, కారం, ఘాటైన మసాలాలు లెక్కకొచ్చిన దాంట్లో మూడొంతులే ముందు వేసి, చివర్లో రుచి చూసి పెంచండి. ఎక్కువైన ఉప్పును తీయడం కన్నా తక్కువైతే వేసుకోవడం తేలిక.

సగానికి తగ్గించేటప్పుడు ఇదే తిరగబడుతుంది. చిన్న కొలత వెడల్పు గిన్నెలో పెడితే నీళ్లు త్వరగా ఇంకి అడుగంటుతుంది. చిన్న గిన్నె తీసుకోండి, మంట తగ్గించండి, ముందుగానే చూస్తూ ఉండండి.

మిమ్మల్నే ఎవరైనా అడిగితే

వివరాలు లేని ప్రశ్న మీకు వస్తే అన్నీ ఒకేసారి అడిగి అవతలివాళ్లను విసిగించొద్దు. ముందు "ఎవరికైనా ఎలర్జీ ఉందా?" అని అడగండి, ఆ జవాబు వచ్చేదాకా ఏ పదార్థం పేరూ సూచించకండి. తర్వాత రెసిపీ పంపమనండి. సంఖ్య చివర అడిగినా పర్వాలేదు, అది ఒక్క భాగహారంతో తేలిపోయేది. జవాబు చెప్పేటప్పుడు మీరు ఏమేం అనుకుని చెప్తున్నారో కూడా చెప్పండి: "8 మంది కొలతకు, లాక్టోజ్ పడనివారికి అనుకుని చెప్తున్నాను, ఎలర్జీ అయితే ఇది వాడొద్దు" అని. మీ ఊహ తప్పైతే వాళ్లు అక్కడే ఆపి చెప్తారు.